జూలై 30, గురువారం

అనంతగిరిలో ఒక టైలరింగ్ కొట్టు మూతపడుతోంది. కోదాడ పక్కనున్న మా అనంతగిరి సంగతి ఇది. ఆ కొట్టు నడిపే అక్క, గిరాకీలకు ఫోన్లో పంపడానికి వీడ్కోలు బొమ్మలు చేసిపెట్టమని నన్నడిగింది. వేలితో జరుపుతూ ఒకదాని తర్వాత ఒకటి చదువుకునే బొమ్మల వరుస అన్నమాట. దీన్నే కారసెల్ అంటున్నారు. కొత్త కొట్లకు ఇలాంటివి చాలా చేశాను. మూసే కొట్టుకు చేయడం వేరే పని, వారం రోజులుగా నా మనసంతా దాని మీదే ఉంది.

అక్క రాసుకొచ్చిన కాగితంలో మొదటి మాట ‘అనివార్య కారణాల వల్ల’. తేదీ ఎక్కడో అడుగున, అదీ ‘త్వరలో’ అని ఉంది. ఈ రెండు మాటలూ కలిస్తే ఊళ్లో ఏమవుతుందో చెప్పాను. కారణం తెలియకపోతే అప్పులయ్యాయని ఒకరంటారు, ఇంట్లో గొడవలని ఇంకొకరంటారు. తేదీ తెలియకపోతే అడ్వాన్సు ఇచ్చినవాళ్లు, చీరా జాకెట్ గుడ్డా ఇచ్చినవాళ్లు ఆ సాయంత్రమే కొట్టు ముందుకొస్తారు. అక్క కాసేపు ఆలోచించి, “మోకాళ్లు సహకరిస్తలేవని రాయి తమ్మీ, అది నిజమే కదా” అంది. ఆ ఒక్క వాక్యమే కారణంగా ఉంచాం. రెడీమేడ్ షాపుల మీద, ఆన్‌లైన్ కొనుగోళ్ల మీద నిందలేవీ పెట్టలేదు. వీడ్కోలులో ఇంకొకరి మీద ఫిర్యాదు కలిస్తే, చదివేవాళ్లకు కృతజ్ఞత వినిపించదు.

తేదీ పెట్టడానికే ఎక్కువ సేపు కూర్చున్నాం. టైలరు పని ఏడాదంతా ఒకే తీరుగా ఉండదు. జూన్‌లో బడులు తెరుస్తారు, యూనిఫాంల పని మీద పడుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో నిజ జ్యేష్ఠం జూన్ నడుమ మొదలై జూలై నడుమ దాకా ఉంది. అంటే అప్పటిదాకా పెళ్లి జాకెట్లు వస్తూనే ఉంటాయి. ఆ తర్వాత ఆషాఢం, పెళ్లిళ్లుండవు. ఆగస్టు నడుమ శ్రావణం మొదలైతే మళ్లీ ఊపిరాడదు. శ్రావణం గుడ్డలు పట్టుకుని మధ్యలో ఆపితే ఒక పెళ్లికూతురి జాకెట్ ఆగిపోతుంది. అందుకని ఆషాఢంలోనే ముగించాలని అక్క ముందే అనుకుంది. నేను జూలై 31 అని రాశాను, నెలాఖరు కాబట్టి అందరికీ గుర్తుంటుందని. ఆమె క్యాలెండర్ చూసి, “ఆ రోజు శుక్రవారం, శుక్రవారం పూట కొట్టుకు ఆఖరి తాళం నేనెయ్య” అంది. అలా జూలై 30, గురువారం ఖాయమైంది.

కానీ ఒక్క తేదీ చాలదు. కొట్టు ఆఖరి రోజు ఒకటి, గుడ్డ తీసుకునే ఆఖరి రోజు ఇంకొకటి. ఈ రెంటినీ కలిపేస్తే జూలై 30 సాయంత్రం నాలుగు జాకెట్ గుడ్డలతో ఎవరో ఒకరు వస్తారు. మూడు తేదీలు పెట్టాం. కొత్త గుడ్డ జూలై 12 ఆదివారం వరకే. బిగుతైనా వదులైనా సరిచేయించుకోవడం 25 వరకు. కుట్టినవి తీసుకెళ్లడం 30 వరకు. మొదటి బొమ్మ మీద మాత్రం కొట్టు పేరు, ఊరు, ఆఖరి తేదీ, వారం. అంతే. చాలామంది రెండో బొమ్మ దాకా వెళ్లరు, మొదటిదే చూసి దాటేస్తారు. వాళ్లకు కూడా తెలియాల్సింది తెలియాలి.

అక్క నాకు నేర్పిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆది జాకెట్లు! కొలతకని ఇచ్చిన పాత జాకెట్టును చాలామంది తిరిగి తీసుకెళ్లరు, మళ్లీ కుట్టించాలి కదా అని కొట్లోనే ఉంచుతారు. అల్మారాలో సంచుల నిండా ఉన్నాయి. సరిగ్గా కుదిరిన జాకెట్ ఆడవాళ్లకు ఎంత విలువైనదో, అది పోతే రేపు ఇంకో టైలరు దగ్గర ఎన్నిసార్లు సరిచేయించుకోవాలో ఆమెకు తెలుసు. అందుకే ఒక బొమ్మంతా దానికే ఇచ్చాం: ‘మీ ఆది జాకెట్టు నా దగ్గర భద్రంగా ఉంది, వచ్చి తీసుకెళ్లండి. మీ కొలతలు కూడా కాగితం మీద రాసిస్తాను.’ కొలతల పుస్తకంలోని అంకెలు కొట్టువి కావు, గిరాకీలవి అంటుంది ఆమె. నా లెక్కన ఈ వరుస మొత్తంలో అన్నిటికన్నా పెద్ద ధన్యవాదం ఆ బొమ్మే.

థాంక్స్ చెప్పే బొమ్మలో ‘మీ ఆదరాభిమానాలకు’ అన్న మాట తీసేయించాను. అది ఏ కొట్టుకైనా సరిపోతుంది. నీకు ఎవరు ఏం చేశారో చెప్పమంటే అక్క చెప్పుకుంటూ పోయింది. అందులోంచి రెండు తీసుకున్నాం. పండగ ముందు ఒక రోజు ఆలస్యమైనా మాట తూలని వాళ్లకు. పెళ్లయి వేరే ఊరు వెళ్లినా, పుట్టింటికొచ్చినప్పుడు గుడ్డ పట్టుకొచ్చినవాళ్లకు. పేర్లు రాయలేదు, ఒక పేరు రాస్తే రాయని వందమంది చిన్నబుచ్చుకుంటారు. ఫొటోలు కూడా కుట్టు మిషను, ఆమె చేతులు, దారపు ఉండలవే. మిషన్లు, మిగిలిన లైనింగ్ గుడ్డ అమ్మకానికి ఉన్న మాట దీనికి కలపొద్దని పట్టుబట్టాను. దాన్ని వేరే రోజు, వేరేగా పెడతాం.

ఇక నా వైపు పని. గిరాకీల్లో ఎక్కువమంది చూసేది వాట్సాప్ స్టేటస్. అది 24 గంటల్లో పోతుంది. అందుకే మూడు తేదీలకూ ముందు రోజు మళ్లీ పెట్టాలి. పైగా జనం వరుస మొత్తం పంపరు, ఒక్క బొమ్మే పంపుతారు. ఆది జాకెట్ బొమ్మ ఒక్కటే అందినవాళ్లకు అది ఏ కొట్టో, ఎప్పటిలోగానో ఎలా తెలుస్తుంది? కాబట్టి ప్రతి బొమ్మ అడుగునా కొట్టు పేరు, ‘కోదాడ దగ్గర అనంతగిరి’, ఆఖరి తేదీ ఉంటాయి. ‘కోదాడ దగ్గర’ అని తప్పక రాయాలి. ఒట్టి అనంతగిరి అంటే వికారాబాద్ కొండలనో, అరకు దారిలోని అనంతగిరి అనో అనుకుంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో లొకేషన్ పెట్టేటప్పుడు కూడా అదే తిప్పలు.

అక్షరాల దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం పెడితే ‘కృతజ్ఞతలు’లో ఒత్తు కింది వరుస మీద పడి రెండూ చదవలేకుండా అవుతాయి. ఒక బొమ్మకు నాలుగైదు వరుసలు దాటకుండా చూసి, కంప్యూటర్ తెర మీద కాక ఒక చిన్న ఫోన్లో, ఎండలో నిలబడి చదివి చూస్తాను. అక్క గిరాకీల్లో కళ్లజోడు పెట్టుకునే వాళ్లే ఎక్కువ.

జూలై 30 తర్వాత పెట్టాల్సిన బొమ్మ ఒకటి ఇప్పుడే చేసి ఇచ్చాను: ‘కొట్టు మూసేశాం. మీ బట్టలేవైనా మిగిలితే ఇంటి దగ్గర ఆగస్టు 31 వరకు ఉంటాయి.’ అదే రోజు గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు దగ్గర Permanently closed అని పెట్టే పని అక్క కొడుకు ఒప్పుకున్నాడు. ఫోన్ నంబరు మాత్రం మార్చనంది అక్క.