డాలర్లు మార్చే ముందు వేసుకోవాల్సిన లెక్క

2024 అక్టోబరులో డల్లాస్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. తెల్లాపూర్‌లో కడుతున్న అపార్ట్‌మెంటులో ఫ్లాట్ చూసుకున్నాడు. "మావయ్యా, డాలర్లన్నీ ఒకేసారి మార్చేయమంటారా, కొంచెం కొంచెంగా పంపమంటారా? రూపాయి ఇంకా పడుతుందంటున్నారు" అన్నాడు.

బ్యాంకులో విదేశీ మారకం విభాగంలో పనిచేసినన్నాళ్లూ ఇదే ప్రశ్న విన్నాను. రూపాయి ఎటు పోతుందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అందుకే వాణ్ణి వేరే సంగతి అడిగాను: "బిల్డర్‌కి ఎప్పుడెప్పుడు ఎంత కట్టాలిరా?"

ఫ్లాటు ధర జీఎస్టీతో కలిపి కోటీ 20 లక్షలు, రిజిస్ట్రేషన్‌కి సుమారు 9 లక్షలు. మొత్తం కోటీ 29 లక్షలు. అందులో బుకింగ్‌కీ, అగ్రిమెంటుకీ కలిపి 48 లక్షలు రెండు నెలల్లో కట్టాలి. మిగతాది శ్లాబులు పడేకొద్దీ ఏడాదిన్నరలో. వాడి దగ్గరున్నది 1,60,000 డాలర్లు. ఆ రోజుల్లో డాలరు 84 రూపాయల దగ్గర ఉంది. ఆ రేటున కోటీ 34 లక్షల పైచిలుకు వస్తుంది. చేతిలో మిగులు ఐదున్నర లక్షల లోపే.

ఆ మిగులే నన్ను కలవరపెట్టింది. డాలరు 80 రూపాయల 62 పైసలకు దిగితే అదంతా కరిగిపోతుంది. అంత దిగుతుందా అంటే, దిగిన రోజులు నా కళ్లతో చూశాను. 2013 ఆగస్టు 28న డాలరు 68 రూపాయలు దాటింది. 70 అవుతుందని ఆగినవాళ్లు మా కౌంటరు దగ్గరే ఉన్నారు. సెప్టెంబరు మొదట్లో రఘురామ్ రాజన్ రిజర్వ్ బ్యాంకు గవర్నరయ్యారు. ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లుగా డాలర్లు తెచ్చే బ్యాంకులకు తక్కువ ఖర్చుతో స్వాప్ సదుపాయం ఇచ్చారు. అక్టోబరు మధ్యకల్లా డాలరు 62 కిందికి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే పదోవంతు పోయింది. అమ్మకందారుకి రూపాయల్లో మాట ఇచ్చేసినవాళ్లు ఆ తేడా కోసం అప్పులు వెతుక్కున్నారు.

కాబట్టి అలాంటి దెబ్బే మళ్లీ తగిలి డాలరు 75కి వస్తే ఏమవుతుందని ఫోన్లోనే లెక్క వేశాం. లక్ష డాలర్లు ఇప్పుడే 84కి మారిస్తే 84 లక్షలు. మిగిలిన 60 వేల డాలర్లు 75కే మారినా 45 లక్షలు. రెండూ కలిపితే సరిగ్గా కోటీ 29 లక్షలు. అంటే లక్షకు తగ్గకుండా ముందే మార్చాలి, మిగతాది విడతల్లో పంపొచ్చు. ఇది తయారైన ఇల్లయి, నెలలో రిజిస్ట్రేషన్ ఉంటే మొత్తం ఒకేసారి మార్చెయ్యమనేవాణ్ణి.

"మరి అంతా ఇప్పుడే మార్చి డిపాజిట్ వేస్తే పోలేదా?" అన్నాడు. ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ రాదు. ఆరో నెలలో శ్లాబు డబ్బు అడిగితే అది తీయక తప్పదు. అందుకే లక్ష డాలర్లలో 48 లక్షలు కట్టాక మిగిలిన 36 లక్షలను రెండుగా చేశాం. ఏడాదిలోపు కట్టాల్సింది సేవింగ్స్‌లో, ఆ తర్వాతది ఏడాది డిపాజిట్‌లో. అరవై వేలను ఇరవై వేల చొప్పున మూడు తేదీలకు కట్టేశాం. తేదీలు ముందే రాసిపెట్టకపోతే విడత కాస్తా ఎదురుచూపుగా మారుతుంది. రోజూ పొద్దున్నే రేటు చూసుకుని రేపు పంపుదాంలే అనుకుంటూ నెలలు గడిపినవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకొకటి కూడా గట్టిగా చెప్పాను. ఫోన్లో కనిపించే రేటు బ్యాంకు ఇవ్వదు. ముప్పై పైసలు తక్కువిచ్చిందంటే లక్ష డాలర్ల మీద 30 వేల రూపాయలు తగ్గినట్టే. పంపకముందే బ్యాంకుకి ఫోన్ చేసి, మొత్తం ఎంతో చెప్పి, మెరుగైన రేటు అడగాలి. ఐదేసి వేలుగా చిన్న ముక్కలు చేస్తే ఆ బేరం ఉండదు, ప్రతిసారీ వైరు చార్జీ అదనం. డబ్బు విదేశం నుంచి వచ్చినట్టు బ్యాంకిచ్చే పత్రాన్ని ప్రతి విడతకీ దాచుకోవాలి. రేపు ఫ్లాటు అమ్మి డబ్బు వెనక్కి తీసుకెళ్లేటప్పుడు అడిగేది దాన్నే.

ఫిబ్రవరి నాటికి డాలరు 86 దాటింది. మొదటి ఇరవై వేలు అప్పుడే పంపాడు. "ఆ లక్ష ఆగి మార్చుంటే రెండు లక్షలు కలిసొచ్చేవి కదా మావయ్యా" అన్నాడు. నిజమే, కలిసొచ్చేవి. నేను కాదనలేదు. ఆ వారమే మూడో శ్లాబు డిమాండ్ నోటీసు వచ్చింది. సేవింగ్స్‌లో ఉన్న డబ్బు తీసి మర్నాడే కట్టేశాడు.