గోడ మీద ఉన్నదే మళ్లీ చదివితే ఎలా? – ‘ఫైలిన్’ స్లైడ్లపై ఒక విమర్శ

ఈ ఏడాది మా బడి సైన్సు ప్రదర్శనలో తొమ్మిదో తరగతి బృందం ‘ఫైలిన్ తుఫాను’ మీద ఆరు స్లైడ్లు చూపించింది. ఒడిశాలో ఉన్న మనకు ఇది పరాయి విషయం కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే. ఆ తుఫాను మన ఇళ్లలో ఇప్పటికీ మాటల్లోకి వస్తూనే ఉంటుంది. స్లైడ్లు కూడా శుభ్రంగా ఉన్నాయి. పటం బాగుంది, అంకెలు సరిగ్గా ఉన్నాయి. అయినా మూడో స్లైడుకల్లా వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. కారణం స్లైడ్లలో లేదు, స్లైడ్ల కింద రాసుకున్న నోట్సులో ఉంది. ఆ బృందం అనుమతితో ఆ నోట్సు చదివి ఈ వ్యాసం రాస్తున్నాను.

పవర్‌పాయింటులో ప్రతి స్లైడు కిందా `Click to add notes` అని ఒక ఖాళీ చోటు ఉంటుంది. అక్కడ రాసింది గోడ మీద పడదు, మాట్లాడేవాళ్లకు మాత్రమే కనిపిస్తుంది. ఆ చోటును వీళ్లు రెండు రకాలుగా వాడారు. రెండూ పని చేయలేదు.

మొదటి రకం నకలు. రెండో స్లైడు మీద నాలుగు వాక్యాలున్నాయి: సముద్రపు నీరు వేడెక్కుతుంది, ఆవిరి పైకి లేస్తుంది, అల్పపీడనం ఏర్పడుతుంది, గాలులు సుడి తిరుగుతాయి. కింద నోట్సులోనూ అవే నాలుగు వాక్యాలు. చెప్పిన అమ్మాయి గొంతు బాగుంది, ఉచ్చారణ బాగుంది. కానీ మనసులో చదువుకోవడం పైకి చదవడం కన్నా త్వరగా అయిపోతుంది. ఆమె రెండో వాక్యంలో ఉండగానే కూర్చున్నవాళ్లు నాలుగోది ముగించేశారు. ఆ తరువాత వాళ్లకు వినడానికి ఏమీ మిగల్లేదు.

రెండో రకం పూర్తి ఉపన్యాసం. నాలుగో స్లైడు కింద దాదాపు ఒక పేజీ వ్యాసం ఉంది. అది రాసిన అబ్బాయి కష్టపడ్డాడని చూస్తేనే తెలుస్తుంది. కానీ గోడ వైపు చూసి చదవడం మాని, అతను లాప్‌టాప్ వైపు చూసి చదివాడు. తల వంగే ఉంది. మధ్యలో ఎవరో తలుపు తీస్తే ఒకసారి పైకి చూశాడు, ఆపైన తను ఏ వరస దగ్గర ఆగాడో అతనికే దొరకలేదు. పది సెకన్ల మౌనం. పేరా మధ్యలో ఆగిన చోటును కంటితో వెతుక్కోవడం ఎవరికైనా కష్టమే. అది అతని తప్పు కాదు, నోట్సు రాసిన తీరులో ఉన్న లోపం.

నా అభిప్రాయంలో స్లైడు పని చూపించడం. నోట్సు పని, చూపించిన దాని గురించి జనం అడగబోయే ప్రశ్నకు జవాబు గుర్తు చేయడం. అందుకే నోట్సు రాసే ముందు స్లైడు చూసి ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ‘ఇది చూశాక మా అమ్మ ఏమడుగుతుంది?’ ఆ జవాబే నోట్సు అవుతుంది. స్లైడు మీద ఇప్పటికే ఉన్నది నోట్సులో ఉండక్కర్లేదు.

నాలుగో స్లైడునే తీసుకుందాం. దాని మీద రెండు వరసల పట్టిక ఉంది.

1999 – పారాదీప్ దగ్గర – గాలి గంటకు సుమారు 260 కి.మీ. – మృతులు సుమారు 10,000
2013 – గోపాలపూర్ దగ్గర – గాలి గంటకు 200 కి.మీ. పైన – మృతులు పదుల్లో

ఈ స్లైడు చూసిన ఎవరికైనా ఒకటే సందేహం వస్తుంది: ఇంత తేడా ఎందుకు? బృందం నోట్సులో పట్టికే వాక్యాలుగా మారింది. ‘పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో పారాదీప్ దగ్గర తీరం దాటిన తుఫానులో…’ అంటూ సాగింది. ‘ఎందుకు’ అన్నది ఎక్కడా లేదు. చివర్లో ఒక పెద్దాయన లేచి, ‘గాలి కూడా తక్కువే కదా బాబూ, అందుకే తక్కువ మంది పోయారేమో?’ అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. జవాబు రాలేదు. ఆ ప్రశ్నకు సిద్ధం చేయాల్సింది నోట్సే.

అదే స్లైడుకు నేనైతే నోట్సు ఇలా రాస్తాను.

మొదటి మాట: “చివరి గడిలో రెండు అంకెలు చూడండి.” (మూడు సెకన్లు ఆగు)
కారణం: 1999 తరువాత తీరంలో తుఫాను ఆశ్రయాలు. విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ. ఫైలిన్‌కు ముందే హెచ్చరిక, దాదాపు పది లక్షల మంది తరలింపు.
జాగ్రత్త: 1999ది ఇంకా పెద్ద తుఫాను. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది, ఎక్కువ మంది పోయింది జగత్సింగ్‌పూర్ జిల్లాలో. తేడా అంతా తరలింపు వల్లే అనకు.
తరువాతి స్లైడుకు: “మరి పది లక్షల మందిని కదిలించడానికి ఏం కావాలి?”

ఇందులో పూర్తి వాక్యాలుగా ఉన్నవి ముఖ్యంగా మొదటిదీ చివరిదీ. అలా రాయడానికి కారణం ఉంది. మాట్లాడేవాళ్లు తడబడేది ఎక్కువగా స్లైడు మారిన క్షణంలోనే. కొత్త స్లైడు వచ్చింది, ఎలా మొదలుపెట్టాలో తెలియదు, వెంటనే కళ్లు గోడ మీది శీర్షిక మీదికి వెళ్తాయి, అదే చదివేస్తారు. మొదటి వాక్యం నోటికి సిద్ధంగా ఉంటే ఆ అవసరం రాదు. చివరి వాక్యం ప్రశ్నగా ఉంటే తరువాతి స్లైడు దానికి జవాబుగా వస్తుంది. మధ్యలో ఉన్నవి మాత్రం ముక్కలుగానే ఉండాలి. ‘తుఫాను ఆశ్రయాలు’ అని చూసి మనం సొంత మాటల్లో చెప్పాలి. ఆ రెండు మాటలు చూసి ఒక్క వాక్యం కూడా చెప్పలేకపోతే, నోట్సు పెంచి లాభం లేదు. విషయం ఇంకా రాలేదని అర్థం, మళ్లీ చదువుకోవాలి.

‘జాగ్రత్త’ అన్న వరస చాలామంది రాయరు. నాకు అన్నిటికన్నా విలువైనది అదే. పట్టిక చూస్తే తరలింపు వల్లే ఇన్ని ప్రాణాలు దక్కాయని అనేయాలనిపిస్తుంది. తరలింపు చాలా చేసింది, నిజం. కానీ రెండు తుఫానులూ సమానమైనవి కావు. ఆ వరస ఉంటే పెద్దాయన ప్రశ్నకు ‘మీరన్నది కొంత నిజమే తాతగారూ, గాలి తక్కువే. అయినా రెండు వందలు దాటిన గాలి కూడా పెంకుటిళ్లను కూల్చేస్తుంది. ఆ ఇళ్లలో ఆ రాత్రి జనం లేకపోవడం పెద్ద తేడా’ అని చెప్పగలిగేవాళ్లు.

ఇక రెండో స్లైడు సంగతి. అక్కడ నోట్సు ఒక్కటే మారిస్తే సరిపోదు, స్లైడు కూడా తగ్గాలి. నాలుగు వాక్యాలూ గోడ మీద ఉన్నంతసేపు ఎంత మంచి నోట్సు రాసినా కళ్లు అటే పోతాయి. వాక్యాలను నోట్సులోకి దించి, గోడ మీద సముద్రం బొమ్మా, ‘26.5°C’ అన్న ఒక్క అంకే ఉంచితే చాలు. తుఫాను పుట్టడానికి సముద్రపు పై నీరు సుమారు అంత వేడిగానైనా ఉండాలి. ఒంటరిగా ఉన్న అంకె జనంలో ‘ఏమిటది?’ అనిపిస్తుంది. కింద నోట్సులో ‘ఆవిరి – పైన చల్లబడి నీరు – వేడి బయటికి – గాలి ఇంకా పైకి – కింద ఒత్తిడి తక్కువ – చుట్టూ గాలి పరుగు – భూమి తిరగడం వల్ల సుడి’ అని గొలుసుగా రాసుకుంటే, చెప్పేవాళ్లు వరస తప్పరు. ఒక మెట్టు మరిచిపోయినా పక్క మెట్టు గుర్తు చేస్తుంది.

మన బడికి సంబంధించిన చిన్న సంగతి ఒకటుంది. వచ్చేవాళ్లలో తెలుగు చదవడం రాని ఒడియా మిత్రులూ ఉంటారు. నోట్సులో ‘సూపర్ సైక్లోన్’ పక్కనే ‘మహాబాత్యా’ అని రాసుకుంటే వాళ్లు తలెత్తి చూస్తారు. అంకెలను కూడా నోట్సులో నోటితో పలికే రూపంలోనే రాసుకోవాలి. ‘10,00,000’ చూసి సున్నాలు లెక్కపెట్టుకునే లోపు మాట ఆగిపోతుంది. ‘పది లక్షలు’ అని ఉంటే ఆగదు.

సమయం మాట. బృందానికి ఆరు నిమిషాలు ఇచ్చారు, తొమ్మిది పట్టింది. ఎవరికి వారు గడియారం పెట్టుకుని ఒక నిమిషం మామూలుగా మాట్లాడి, ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెట్టుకోవాలి. నాకు 80 వస్తాయి. ఆ లెక్కన ఒక స్లైడుకు ఒక నిమిషమంటే, నోట్సు 20, 25 మాటలు దాటకూడదు. మిగతావి నోట్లోంచి అప్పటికప్పుడు రావాల్సినవి.

తెర సంగతి కూడా చూసుకోవాలి. ప్రొజెక్టరు తగిలించినప్పుడు రెండు తెరల మీదా ఒకే బొమ్మ వచ్చేలా ఉంటే, మామూలుగా ప్రదర్శన మొదలుపెట్టగానే నోట్సు కనిపించదు. ఆ రోజు ఒకమ్మాయికి జరిగింది ఇదే. `Windows + P` నొక్కి `Extend` ఎంచుకుంటే గోడ మీద స్లైడు, లాప్‌టాప్ మీద నోట్సు వస్తాయి. ఇంట్లో ఒక్క తెర మీదే సాధన చేయాలంటే `Alt + F5` నొక్కితే నోట్సుతో సహా కనిపిస్తుంది. కరెంటునూ కేబులునూ నమ్మలేం కాబట్టి `Notes Pages` అచ్చు తీసి చేతిలో ఉంచుకోవడం మంచిది.

నోట్సు సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, స్లైడ్లు చూపిస్తూ చెప్పాలి. తరువాత ‘నేను చెప్పినవాటిలో బొమ్మల మీద లేనివి ఏమిటి?’ అని అడగాలి. స్లైడుకు ఒక్కటైనా చెప్పగలిగితే నోట్సు పని చేసినట్టే. ఏమీ చెప్పలేకపోతే మనం గోడ చదివినట్టే.

ఫైలిన్ బృందం దగ్గర మంచి విషయం ఉంది, మంచి పటం ఉంది, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన జ్ఞాపకాలూ ఉన్నాయని తరువాత మాట్లాడినప్పుడు తెలిసింది. ఆ జ్ఞాపకాల్లో ఒక్కటీ నోట్సులోకి రాలేదు. వచ్చే నెల ఇదే ప్రదర్శన తల్లిదండ్రుల సమావేశంలో మళ్లీ ఉంది. స్లైడ్లను అలాగే ఉంచి, రెండోదాన్ని మాత్రం తగ్గించి, నోట్సు ఆరూ కొత్తగా రాసుకుంటే చాలు. ఆ పెద్దాయన మళ్లీ వస్తారు, మళ్లీ అడుగుతారు.