అభినందన కింద కొటేషన్ వద్దు

జీడిమెట్లలో అట్టపెట్టెల యూనిట్ నడిపిన రోజుల్లో ఏప్రిల్, మే నెలలంటే నాకు ప్రమోషన్ల కాలం. మార్చి 31తో లెక్కలు ముగిశాక మందుల కంపెనీల్లో లెటర్లు చేతికొచ్చేవి. నిన్నటిదాకా మాకు ఆర్డర్లు రాసిన ఆఫీసర్ మేనేజరయ్యేవారు, మేనేజర్ హెడ్ అయ్యేవారు. ఆ కబురు తెలియగానే మాలాంటి సప్లయర్లందరం ఫోన్ చేతిలోకి తీసుకునేవాళ్లం.

అలా ఒకసారి నేను పంపిన మెసేజ్ ఇప్పటికీ మరిచిపోలేదు. ఎనిమిదేళ్లుగా పెట్టెలు తీసుకుంటున్న మేనేజర్ పర్చేజ్ హెడ్ అయ్యారు. నేను ఇలా రాశాను: “సార్, ప్రమోషన్ వచ్చినందుకు హృదయపూర్వక అభినందనలు. మీ నాయకత్వంలో మన వ్యాపార బంధం మరింత బలపడాలని కోరుకుంటున్నాను. ఐదు పొరల పెట్టెలకు మా కొత్త రేట్లు జతచేశాను. వచ్చే వారం పది నిమిషాలు టైమ్ ఇవ్వగలరు.”

రెండు గంటల తర్వాత జవాబొచ్చింది: “థాంక్యూ. రేట్ల సంగతి మా టీమ్‌తో మాట్లాడండి.” ఎనిమిదేళ్లలో ఆయన నన్ను ఇంకొకరి దగ్గరికి పంపడం అదే మొదటిసారి. ఆయన చేసింది తప్పు కాదు. నేను రేట్లు పంపాను, రేట్లు చూసే మనిషి దగ్గరికి ఆయన పంపారు. నా అభినందన ఆయనకు అందనే లేదు.

రేట్ల కాగితం, పది నిమిషాలు అడిగిన మాట తీసేస్తే మెసేజ్ బాగుపడుతుందని చాలా రోజులు అనుకున్నాను. కానీ అసలు చిక్కు రెండో వాక్యంలో ఉంది. “మన వ్యాపార బంధం మరింత బలపడాలి” అనడంలో, మీ కొత్త కుర్చీ వల్ల నాకు ఆర్డర్లు పెరగాలన్న కోరిక ఉంది. మర్యాదగా వినిపిస్తుంది కాబట్టి రాసేవారికి అది అమ్మకంలా తోచదు. రోజంతా సప్లయర్ల మెసేజ్‌లు చదివే మనిషికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది. మెయిల్ అడుగున తనంతట తాను వచ్చి చేరే సంతకమూ అంతే. అందులో కంపెనీ నినాదం, సరుకుల పేర్లు ఉంటే అవి కూడా అమ్మకం మాటలే. అభినందన పంపేటప్పుడు దాన్ని చెరిపి పేరొక్కటే ఉంచాలి.

మన భాషలో ఇక్కడ పనికొచ్చే తేడా ఒకటుంది. అభినందన జరిగినదానికి, శుభాకాంక్ష జరగబోయేదానికి. ప్రమోషన్‌కు రెండూ తగినవే. అయితే అభినందించాలంటే ఆ మనిషి చేసిన పని ఏదో ఒకటి మనకు తెలిసి ఉండాలి. అది చెప్పకుండా శుభాకాంక్షల్లోకి దూకితే, చూపు రాబోయే ఆర్డర్ల మీదికే పోతుంది.

2022లో ఇంకో ఫ్యాక్టరీలో స్టోర్స్ మేనేజర్‌ను ప్లాంట్ పర్చేజ్ హెడ్ చేశారు. ఆయన గురించి చెప్పుకోదగ్గ విషయం నాకు తెలుసు. 2021 జనవరి 1 నుంచి చైనా వ్యర్థ కాగితం దిగుమతిని పూర్తిగా ఆపేసింది. అక్కడి మిల్లులకు ముడిసరుకు కొరతై మన క్రాఫ్ట్ పేపర్ అటు ఎగుమతి కావడం మొదలయ్యాక, ఇక్కడ పెట్టెలు చేసేవారికి కాగితం ప్రియమైంది. ఆ కష్టకాలంలో ఆయన మాతో నిజాయతీగా నడుచుకున్నారు.

అందుకే మొదట ఇలా రాశాను: “పేపర్ ధర పెరిగినప్పుడు మా రేటు పెంచి ఆదుకున్నారు.” మా అకౌంటెంట్ అది చూసి, “ఇది వాళ్ల ఆడిటర్ కంట పడితే ఏమనుకుంటాడండీ?” అన్నారు. నా చెయ్యి ఆగిపోయింది. రేటు పెంచింది లెక్క ప్రకారమే, పైవాళ్ల సంతకంతోనే. కానీ నా వాక్యం ఆయన ఒక సప్లయర్‌కు మేలు చేసినట్టు చదువుకోవడానికి వీలిస్తుంది. డబ్బును తాకే మెచ్చుకోలు కొనే మనిషిని ఇరుకున పెడుతుంది. మన మెసేజ్‌ను ఆయన పైఅధికారికి చూపించినా ఇబ్బంది లేకుండా ఉండాలి.

చివరికి పంపింది ఇది: “నమస్తే సార్. పర్చేజ్ హెడ్ అయ్యారని విన్నాను, చాలా సంతోషం. పోయిన ఏడాది పేపర్ దొరకని రోజుల్లో కూడా, వచ్చే నెలకు ఎన్ని పెట్టెలు కావాలో ఐదో తేదీకల్లా సప్లయర్లందరికీ ఒకేసారి చెప్పేవారు. ముందే తెలియడం వల్ల చిన్న యూనిట్లలో పనివాళ్లను ఖాళీగా కూర్చోబెట్టాల్సిన అవసరం రాలేదు. అభినందనలు. కొత్త బాధ్యతలో అన్నీ కలిసిరావాలి.” అందులో ప్రశ్న లేదు, జతచేసిన కాగితం లేదు, అడిగింది లేదు. ఆయన చేసిన పని ఉంది, దాని ఫలితం ఉంది. సాయంత్రం ఆయనే ఫోన్ చేసి, ఆ ఐదో తేదీ పద్ధతి కోసం తమ ప్రొడక్షన్ వాళ్లతో ఎంత పోట్లాడారో చెప్పారు. నేను విన్నాను, పెట్టెల మాట ఎత్తలేదు.

ఆ సమయానికి మా కొటేషన్ ఒకటి ఆయన టేబుల్ మీదే ఉంది. అలాంటప్పుడు అభినందనే మానేస్తే ముభావంగా ఉంటుంది, కలిపి పంపితే ఒత్తిడి చేసినట్టవుతుంది. కొటేషన్ మాట దాని పాత మెయిల్ వరుసలో, దాని తేదీకి, ఎప్పటిలాంటి భాషలోనే నడవాలి. రేపు లారీ పంపాల్సి ఉంటే ఆ కబురు ఈ రోజే చెప్పాలి, అభినందన కోసం పని ఆపకూడదు. రెండూ ఒకే మెసేజ్‌లోకి రాకుండా చూసుకుంటే చాలు. ఆయన “థాంక్యూ” అన్నాక, దాన్ని తలుపు తెరిచినట్టు భావించి రేట్లు పంపితే అంతకుముందు రాసినదంతా వృథా అవుతుంది.

పంపేముందు కబురు నిజమో కాదో చూసుకోవాలి. లింక్‌డిన్‌లో ఉద్యోగంలో చేరి ఐదేళ్లయిందని వచ్చే నోటిఫికేషన్‌ను ప్రమోషన్ అనుకుని అభినందించేవారున్నారు. ప్రమోషన్ కోసం ఎదురుచూసి రాక బాధపడుతున్న మనిషికి అది ముల్లులా గుచ్చుకుంటుంది. కంపెనీ ఇంకా ప్రకటించని కబురు మనకు ముందే తెలిసినా ఆగాలి. అవార్డయితే అది ఎందుకిచ్చారో చదివి ఆ పని పేరే చెప్పాలి. జట్టుకు వచ్చినదైతే జట్టునంతటినీ కలుపుకోవాలి.

ఆ ఏడాదే నాకు తెలిసిన మరో మేనేజర్ పర్చేజ్ నుంచి ట్రైనింగ్ విభాగానికి ప్రమోషన్ మీద వెళ్లారు. ఇక ఆయన ఏమీ కొనరు. తనకు సప్లయర్ల నుంచి వచ్చిన మెసేజ్‌లు రెండేనని తర్వాత కలిసినప్పుడు చెప్పారు. అప్పటి నుంచి ఎవరికి రాసినా పంపేముందు నన్ను నేను ఒకటే అడుగుతున్నాను: ఈయన రేపటి నుంచి నా దగ్గర ఒక్క పెట్టె కూడా కొనరని తెలిసినా ఇదే మెసేజ్ పంపుతానా? అవునంటేనే పంపండి. కాదంటే అది కొటేషన్. దాన్ని కొటేషన్‌గానే, వేరే రోజు పంపండి.