మూడో వారం సంగతి

1950ల మొదట్లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ అనే వైద్యుడు కుందేలు కాలి ఎముకలో ఒక చిన్న టైటానియం పరికరం అమర్చాడు. బతికున్న ఎముకలో రక్తం ఎలా పారుతుందో మైక్రోస్కోపులో చూడటం కోసం పెట్టింది అది. పని అయ్యాక, ఖరీదైన వస్తువు కదా, మళ్లీ వాడుకుందామని తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో ఆయన యోస్టా లార్సన్ అనే రోగి దవడలో టైటానియం మరలు దించి, వాటి మీద పళ్లు కట్టాడు. 2006లో చనిపోయేదాకా లార్సన్ వాటితోనే నమిలాడు.

ఆ పట్టునే దంతవైద్యులు ఆసియోఇంటిగ్రేషన్ అంటారు. అది దొరకడానికి నెలలు పడుతుంది. ఇంప్లాంటు బిగించిన రోజున ఉండేది వేరే పట్టు. చెక్కలో దిగిన మర ఎందుకు కదలదో, ఎముకలో దిగిన మర కూడా అందుకే కదలదు. డాక్టరు టార్క్ రెంచి మీద 35 అంకె చూసి తృప్తి పడేది ఈ పట్టు గురించే. పేషెంటు కూడా అంతా అయిపోయిందనుకుని ఇంటికెళ్తాడు.

అసలు కథ ఆ తర్వాతే. డ్రిల్లు చేసినప్పుడు రంధ్రం అంచున ఎముక కొంత దెబ్బతింటుంది. (47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక కణాలు చచ్చిపోతాయి. అందుకే డ్రిల్లు మీద సెలైన్ ఆగకుండా పోస్తుంటారు.) దెబ్బతిన్న ఆ ఎముకను శరీరం ముందు కరిగించేస్తుంది, తర్వాతే కొత్తది వేస్తుంది. పాతది పోతూ, కొత్తది ఇంకా గట్టిపడని సమయం సుమారు మూడో వారం. మొదటి రోజు కంటే అప్పుడే ఇంప్లాంటు బలహీనంగా ఉంటుంది. ఆ రోజుల్లో మర మిల్లీమీటరులో పదోవంతుకు మించి పదేపదే కదిలితే చుట్టూ ఎముకకు బదులు మెత్తటి పీచు కణజాలం పెరుగుతుంది. అది ఇక ఎముకగా మారదు.

సిగరెట్టు, షుగరు దెబ్బ కొట్టేది సరిగ్గా ఇక్కడే. కొత్త ఎముక రావాలంటే ముందు ఆ చోటికి కొత్త రక్తనాళాలు రావాలి. నికోటిన్ నాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. 1993లో బెయిన్, మోయ్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు వేలకు పైగా ఇంప్లాంట్లను పరిశీలిస్తే, పొగతాగేవారిలో 11 శాతం పైచిలుకు, తాగనివారిలో 5 శాతం లోపు విఫలమయ్యాయి. పై దవడ ఎముక సహజంగానే మెత్తన కాబట్టి నష్టం అక్కడ ఎక్కువ. సర్జరీకి ఒక వారం ముందు మానేసి, తర్వాత ఎనిమిది వారాలు ముట్టకుండా ఉండాలని బెయిన్ చెప్పిన లెక్క ఆ బలహీన కాలాన్ని దాటించడానికే. చుట్టకూ బీడీకీ ఇందులో మినహాయింపు లేదు.

షుగరు దారి వేరు. రక్తంలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఎముక కట్టే కణాలు మందగిస్తాయి, చిన్న రక్తనాళాలు పాడవుతాయి, సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు నీరసిస్తాయి. అలాగని షుగరు ఉన్నవాళ్లందరూ ఇంప్లాంటుకు పనికిరారని కాదు. అదుపులో ఉంటే ఫలితాలు మిగతావాళ్లకు దగ్గరగానే ఉంటాయి. అడగాల్సింది షుగరు ఉందా అని కాదు, మూడు నెలల సగటు ఎంత అని.

ఉదాహరణకు 54 ఏళ్ల షాపు యజమాని ఒకాయన కింది దవడలో పెద్ద పన్ను పోయి వచ్చాడనుకుందాం. స్కానులో ఎముక ఎత్తూ వెడల్పూ బాగున్నాయి. చిగుళ్ల జబ్బుకు వైద్యం అయింది. హెచ్‌బీఏ1సీ మాత్రం 9.2, రోజుకు పది సిగరెట్లు. ఇక్కడ తేదీ ఇవ్వని డాక్టరే మంచి డాక్టరు. షుగరు డాక్టరు దగ్గరికి పంపి, మూడు నెలల తర్వాత అంకె 7 దరిదాపులకు వస్తే, సిగరెట్టు మానితే, అప్పుడు మొదలుపెడతారు. పన్ను తొడుగు కూడా తొందరపడి వేయకుండా అదనంగా కొన్ని వారాలు ఆగుతారు. ఎముకల జబ్బుకో క్యాన్సర్‌కో ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లు, దవడకు రేడియేషన్ అయినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎదుగుదల పూర్తికాని పిల్లలకు ఇంప్లాంటు పెట్టరు. దవడ పెరుగుతుంటే అది ఉన్నచోటే ఉండిపోతుంది.

పట్టు దొరకని ఇంప్లాంటు చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు. తొడుగు వేయడానికి పైభాగం బిగిస్తున్నప్పుడు మర కాస్త తిరుగుతుంది, లేదా ఎక్స్‌రేలో చుట్టూ సన్నని నల్లగీత కనిపిస్తుంది. కదిలినదాన్ని మళ్లీ బిగించి నిలబెట్టలేరు. తీసేసి, ఎముక మానేదాకా నెలల తరబడి ఆగి, మళ్లీ మొదటినుంచి రావాలి. డబ్బులు కట్టే ముందు మీ హెచ్‌బీఏ1సీ రిపోర్టు డాక్టరు ముందు పెట్టండి, సిగరెట్ల లెక్క తగ్గించి చెప్పకండి.