పదివేల వరహాల పద్దు

భద్రాచల రామదాసు 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన చెవిన పడని తెలుగువాళ్లు తక్కువ. పాటగా వినేటప్పుడు రాగం మనల్ని లాక్కుపోతుంది. రాగం పక్కన పెట్టి దాన్ని ఒక అర్జీ చదివినట్టు చదివితే, ఎదుటివాణ్ణి కదిలించడానికి మాటల్ని ఎంత నేర్పుగా పేర్చవచ్చో కనిపిస్తుంది. ఒప్పించే రచనకు మన భాషలో ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. ఒప్పించే రచనకూ వాదించే రచనకూ తేడా ఎక్కడుందో కూడా ఈ పాట దగ్గరే బాగా తెలుస్తుంది.

కథ అందరికీ తెలిసిందే. రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. నేలకొండపల్లిలో పుట్టిన ఆయన, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. గోదావరి ఒడ్డున, అడవి మధ్య భద్రగిరి మీద గుడి కట్టించాడు. అందుకు శిస్తు సొమ్ము వాడాడన్న ఆరోపణ మీద గోల్కొండలో ఖైదు చేశారు. కీర్తన ఆ ఖైదులో ఉన్న మనిషి గొంతుతో నడుస్తుంది.

గోపన్న దేవుడి ముందు విప్పింది జమాఖర్చుల చిట్టా. ప్రాకారాలు కట్టించాను, ఇంత అయింది. భరతుడికి పచ్చల పతకం చేయించాను, పదివేల వరహాలు పట్టింది. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి. ఉద్యోగరీత్యా అలవాటైన లెక్కల భాషనే భక్తికి తెచ్చుకున్నాడు. పొగడ్తతో మొదలుపెట్టిన పాట రెండో అడుగులోనే బాకీ వసూలుకు దిగుతుంది.

క్రమం చూడండి. ముందు గోడలూ మండపాలూ, తర్వాత తమ్ముళ్లు, ఆ తర్వాత భార్య, చివరికి ఆయన. ఆరోపణ బయటినుంచి లోపలికి వస్తూ, రాముడి తలమీది తురాయి దగ్గరకు చేరాక పేలుతుంది. ఇవన్నీ మీ నాన్న పెట్టాడా, మామగారు పంపించారా, ఎవరి సొమ్ము చూసుకుని ఈ కులుకు అని నిలదీస్తాడు. ఆ వెంటనే, దెబ్బలకు తాళలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అంటాడు. తిట్టు లేకపోతే పాటకు పదును లేదు, ఆ క్షమాపణ లేకపోతే బంధం తెగిపోతుంది. వినేవాడు అలిగి వెళ్లిపోకుండా, అలాగని తప్పించుకోకుండా పట్టుకున్నాడు. ఇక్కడ నేను ప్రతిసారీ ఆగిపోతాను.

ఇప్పుడు ఆ పదివేల వరహాల సంగతి. వస్తువు మారినా మొత్తం మారదు. ప్రాకారానికీ పదివేలే, పతకానికీ పదివేలే. రాతిగోడకూ మెడలో నగకూ ఒకే ఖర్చు రాసిన పద్దును ఏ ఖజానా గుమస్తా ఒప్పుకోడు. కాబట్టి ఈ అంకె లెక్క చెప్పడానికి వచ్చింది కాదు, పదేపదే తగిలి బరువు పెంచడానికి వచ్చింది అంటాను. ఇది నా వ్యాఖ్యానం. దీనికి ఆధారం పాటలోనే ఉంది. అయితే దీనికి ఎదురు నిలిచే మాట కూడా ఉంది. ప్రతి చరణం ఒకే అచ్చులో పోసిన పాటలో అదే మాట తిరిగి రావడం కీర్తన కట్టుబడిలోనే ఉంది, దాన్నుంచి కవి ఉద్దేశాన్ని లాగకూడదు అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట విని, నా మాట ఎంతవరకు నిలుస్తుందో చెప్పవలసిన బాధ్యత నాది. కట్టుబడి కోసమే అయినా తిరిగి వచ్చే చోట పువ్వు పేరో పొగడ్తో పెట్టవచ్చు. ఖర్చు మొత్తాన్ని పెట్టడం కవి ఎంపిక. అంతవరకు నేను నిలబడగలను. నిజంగా ఎంత ఖర్చయిందో మాత్రం ఈ పాట నుంచి తేల్చలేను.

గోపన్నకు ఈ బాధ్యత లేదు. ఆయన వినిపిస్తున్నది రాముడొక్కడికే, కావలసింది రాముడు పలకడం. అందుకే ఈ కీర్తన ఒక విషయం చెప్పదు. చేయించినవాడు తనే అని చెబుతుంది కాని, ఆ వరహాలు ఎవరి పెట్టెలోవి అన్నది ఎత్తదు. ఎవరి సొమ్ము అని దేవుణ్ణి అడిగినవాణ్ణి తానీషా కూడా అదే ప్రశ్న అడగగలడు. ఒప్పించే రచనలో ఆ మౌనం పనితనమే. వాదించే రచనలో అదే మౌనం లోపమవుతుంది, ఎందుకంటే అక్కడ చదివేవాడు మనతో ఏకీభవించకపోయినా మన అడుగులు ఒక్కొక్కటీ సరిచూసుకోగలగాలి.

రామదాసు మీద వ్యాసాల్లో తరచూ ఇలాంటి వాక్యం కనిపిస్తుంది: "పన్నెండేళ్లు అన్యాయంగా చెరలో మగ్గిన ఆ వేదనే కీర్తనలుగా పొంగింది." చదవడానికి బాగుంటుంది. కాని ఇందులో మూడు రకాల మాటలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నడుస్తున్నాయి.

పన్నెండేళ్లు అన్నది వాస్తవానికి సంబంధించిన మాట. అలా అన్నంత మాత్రాన అది నిజమని కాదు, దస్తావేజులతో, తేదీలతో నిజమో కాదో చూడదగిన రకం మాట అని. చూద్దాం. తానీషా గద్దెనెక్కింది 1672లో, ఔరంగజేబు సేనలకు గోల్కొండ పడిపోయింది 1687లో. మధ్య పదిహేనేళ్లు. సంప్రదాయం చెప్పినట్టు తానీషాయే బంధించి, తానీషాయే విడిచిపెట్టి ఉంటే, అందులో పన్నెండు చెరకు పోగా మిగిలేది మూడేళ్లు. ఈ పాలనలోనే ఉద్యోగం వచ్చిందనుకుంటే, గుడి, ప్రాకారం, నగలు అన్నీ ఆ మూడేళ్లలోనే ఇమడాలి. అసాధ్యం కాదు, ఇరుకు. ఉద్యోగం అంతకుముందే వచ్చిందంటే కొంత వెసులుబాటు దొరుకుతుంది. పాండవుల అరణ్యవాసం నుంచి మన కథల్లో కష్టానికి పన్నెండేళ్లు అలవాటైన కొలత అని గుర్తుచేస్తే మాత్రం, అది వాస్తవం గీత దాటి వ్యాఖ్యానంలోకి అడుగుపెట్టినట్టు. రాసేవాడు ఆ గీత దాటుతున్నానని చెప్పి దాటాలి.

వేదనే కీర్తనలైంది అన్నది పూర్తిగా వ్యాఖ్యానం. 'ఇక్ష్వాకు కులతిలక'కు అది అతుకుతుంది, దెబ్బల మాట పాటలోనే ఉంది కనుక. కాని 'అంతా రామమయం'లో ఖైదు జాడ ఎక్కడుంది? ఒక పాటకు నిలిచిన మాటను కీర్తనలన్నిటికీ పరచడం వల్ల వాక్యం బలహీనపడింది. "ఈ కీర్తన వరకు" అని మూడు మాటలు చేర్చి ఉంటే నిలిచేది.

ఇక 'అన్యాయంగా'. ఇది చిన్న మాట, కాని మూడింటిలో ఎక్కువ ప్రమాదం దీనితోనే. ఒక వాస్తవం పక్కన నక్కి, తానూ వాస్తవమే అన్నట్టు కూర్చుంటుంది. దాన్ని తీసేసి చదవండి: పన్నెండేళ్లు చెరలో ఉన్నాడు అన్న సమాచారం చెక్కుచెదరదు. పోయింది రాసినవాడి తీర్పు. ఆ తీర్పు ఉండకూడదని కాదు. శిస్తు సొమ్ము ఖజానాకు చేర్చనందుకు తహసీల్దారును బంధించడం ఆనాటి పాలనకు మామూలేనా, కొట్టడం సంగతేమిటి, వసూలైన సొమ్మును పరగణాలోనే గుడికి పెట్టడం నేరమా అని కొలబద్ద చూపించి తూస్తే అది వాదన అవుతుంది. కొలబద్ద చూపించకపోతే అభిప్రాయంగానే మిగులుతుంది.

ఈ కీర్తన రామదాసు పాటలన్నిటిలో మిన్న అని నేను అనుకుంటాను. అది నా ఇష్టం, దానికి రుజువు అడగనక్కరలేదు. పొగడ్త నుంచి బాకీకి, బాకీ నుంచి తిట్టుకు, తిట్టు నుంచి శరణుకు ఇంత తక్కువ చోటులో తిరిగిన పాట ఇది అన్నప్పుడు మాత్రం పాట తెరిచి నన్ను నిలదీయవచ్చు. కల్యాణం నాడు భద్రాచలంలో రామదాసు చేయించినవని చెప్పి నగలు చూపిస్తారు. పచ్చల పతకం, చింతాకు పతకం, కలికితురాయి పేర్లు వినపడగానే అంతా పాటలోనే ఉన్నట్టు చేతులు జోడిస్తాం. ఆ నగలు చేయించింది ఆయనేనా అన్న ప్రశ్నకు జవాబు దొరికేది ఆలయ రికార్డుల్లో, నగల పనితనాన్ని పరిశీలించేవాళ్ల దగ్గర. పాట ఎంత గొప్పదైనా దాన్ని అక్కడ సాక్షిగా మాత్రమే పిలవగలం, తీర్పు చెప్పమనలేం.