మూత కింద మేస్త్రీ పని

మ్యాన్‌హోల్ లోతు అంటే తవ్విన గుంత లోతు కాదు. మూత పైభాగం నుంచి లోపల మురుగు పారే కాలువ అడుగు దాకా ఉన్న కొలత. ఆ లోతు 90 సెంటీమీటర్ల లోపే అయితే లోపలి కొలత 90×80 సెంటీమీటర్లు సరిపోతుంది. అది దాటితే, రెండున్నర మీటర్ల దాకా 120×90 కావాలి.

వీధిలో ఒకటిన్నర మీటర్ల లోతు చాంబర్ కట్టాలనుకుందాం. కాలువ అడుగున కాంక్రీటుకు 5 సెంటీమీటర్లు, దాని కింద బెడ్‌కు 20 కలిపితే గుంత 1.75 మీటర్లు దిగాలి. బెడ్ కాంక్రీటు 1:4:8 పాళ్లలో, గోడలకు నాలుగువైపులా 15 సెంటీమీటర్లు బయటికి వచ్చేలా పోస్తారు. నల్లరేగడి నేలలో ఈ బెడ్ విషయంలో పొదుపు చేస్తే చాంబర్ ఓ పక్కకు కుంగి, పైపు గోడలోకి దూరే చోటే విరుగుతుంది.

బెడ్ మీద ఒక ఇటుక మందం, అంటే 23 సెంటీమీటర్ల గోడ లేస్తుంది. సుమారు 1.65 ఘనమీటర్ల కట్టుబడి, ఎనిమిది వందల పైచిలుకు ఇటుకలు. ఇటుక నానకపోతే మాలులోని నీటిని పీల్చేసుకుంటుంది, అతుకు పట్టదు. పైపులను గోడ లేస్తుండగానే అమర్చి, వాటి మీద ఇటుకలతో చిన్న కమాను తిప్పితే పైబరువు పైపు మీద పడదు. గోడ కట్టేశాక సుత్తితో కన్నం కొట్టి పైపు దూర్చే పద్ధతి ఎంతమాత్రం మంచిది కాదు. ఆ సందులోంచే వానాకాలం భూమిలోని నీరు లోపలికి ఊరుతుంది.

అసలు నైపుణ్యం అడుగున కనిపిస్తుంది. పైపు వ్యాసానికి సమంగా అర్ధచంద్రాకారపు కాలువ తీసి, దాని రెండు గట్లనూ గోడలవైపు ఏటవాలుగా ఎత్తుతారు. అడుగు చదునుగా వదిలేస్తే మడ్డి నిలిచి కుళ్లుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. తడి గోడ మీద ఆ వాయువు సూక్ష్మజీవుల వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి సిమెంటును తినేస్తుంది. అందుకే దెబ్బ నీటిమట్టానికి పైన ముందు కనబడుతుంది. తాపీ మొనతో గీకితే ప్లాస్టరు పిండిలా రాలుతుంది. లోపల 12 మిల్లీమీటర్ల మందాన 1:3 మాలు పూసి, పచ్చిగా ఉండగానే నీట్ సిమెంటుతో నున్నగా రుద్దాలన్న నియమం ఈ అరుగుదలను పూర్తిగా ఆపదు, నీటి ఊటను మాత్రం అడ్డుకుంటుంది.

మనుషులు మాత్రమే నడిచే చోట ఫ్రేముతో కలిపి 38 కిలోల ఇనుప మూత చాలు. లారీలు తిరిగే రోడ్డుకు 560 మిల్లీమీటర్ల గుండ్రటి మూత, ఫ్రేముతో 208 కిలోలది వేస్తారు. ఫ్రేము పైకప్పు స్లాబు కాంక్రీటులో కూరుకుని ఉండాలి. రోడ్డు మళ్లీ వేసినప్పుడు మూత కిందికి పోతే, కొందరు ఇటుక ముక్కలు పేర్చి ఎత్తు సరిచేస్తారు. చక్రాల బరువుకు అవి నలిగి ఫ్రేము ఊగుతుంది. పాత ఫ్రేము తీసి, కొత్త ఎత్తులో చుట్టూ కాంక్రీటు పోయడమే సరైన మరమ్మతు.