మాస్టారి వాచీకి తెలియని మాత్ర

చేతి వాచీల్లో చాలావాటికి గుండె జోన్లు కట్టడానికి తెలిసిన లెక్క ఒక్కటే. 220లోంచి మన వయసు తీసేస్తాయి. వచ్చిన అంకెను గుండె గరిష్ఠ వేగం అనుకుంటాయి. అందులో 50 శాతం నుంచి 100 శాతం దాకా ఐదు ముక్కలు చేసి ఒక్కోదానికి ఒక్కో రంగు పూస్తాయి. ఏ మందూ వాడని మనిషికే ఈ లెక్క నిమిషానికి పది, పన్నెండు అటూ ఇటూ పోవడం మామూలు. బీటా బ్లాకర్ వాడే మనిషి దగ్గరకొచ్చేసరికి రంగులకు అర్థమే మారిపోతుంది.

బీచ్ రోడ్డు మీద మాతో నడిచే లెక్కల మాస్టారిది సరిగ్గా ఇదే ఇబ్బంది. వయసు 58. స్టెంట్ వేశాక డాక్టరు రాసిన మాత్రల్లో మెటోప్రొలాల్ 50 మిల్లీగ్రాములది ఒకటి. కొడుకు కొనిపెట్టిన వాచీ రోజూ ఆయన మీద ఒకటే ఫిర్యాదు చేస్తుంది: మీరింకా వార్మప్‌లోనే ఉన్నారు అని. చినవాల్తేరు వైపు ఎత్తు ఎక్కుతుంటే ఆయనకు చెమటలు కారతాయి, వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటారు. వాచీలో మాత్రం మొదటి జోనే. "ఏమండీ, నేను అంత మందకొడిగా ఉన్నానా?" అని అడిగారు. మందకొడితనం ఆయనది కాదు. గుండె వేగానికి ఆ మాత్ర కళ్ళెం వేసింది, ఆ సంగతి వాచీకి చెప్పినవాళ్ళు లేరు.

కళ్ళెం ఎలా పడుతుందో తెలిస్తే అంకెలతో పేచీ ఉండదు. గుండెను తొందరపెట్టేవి అడ్రినలిన్, దాని తోబుట్టువు నారడ్రినలిన్. గుండె లయను నడిపించే చిన్న కణుపు మీద వీటి కోసం బీటా గ్రాహకాలుంటాయి. మాత్ర వెళ్ళి ఆ చోట్లలో కూర్చుంటుంది. అడ్రినలిన్ వచ్చినా దానికి జాగా దొరకదు. ఇక్కడే అసలు కీలకం ఉంది. కుర్చీలో కూర్చున్నప్పుడు గుండె మీద అడ్రినలిన్ పెత్తనం తక్కువ, వేగస్ నరం అదుపే ఎక్కువ. నడక మొదలైనప్పుడు గుండె వేగం పెరగడం కూడా ముందు ఆ నరం పట్టు సడలడం వల్లనే. వేగం వంద చుట్టుపక్కలకు వచ్చాక పైకి తోసే పని అడ్రినలిన్ చేతుల్లోకి పోతుంది. కాబట్టి విశ్రాంతిలో మాత్రకు అడ్డుకోవడానికి ఉన్నది కొంచెం, గట్టిగా శ్రమ పడుతున్నప్పుడు ఉన్నది చాలా. కింద అంకె కాస్త దిగుతుంది, పై అంకె బాగా దిగుతుంది.

మాస్టారి అంకెలు చూడండి. మాత్ర మొదలుపెట్టక ముందు పొద్దున్నే లేవగానే ఆయన పల్స్ 76. ఇప్పుడు 58. అంటే 18 తగ్గింది. లెక్కల మాస్టారు కదా, ఆయనకు వెంటనే తట్టిన పరిష్కారం: "అయితే వాచీ చెప్పే ప్రతి అంకెలోంచీ 18 తీసేస్తే సరి." ఆ లెక్కన ఆయన గరిష్ఠ వేగం 162లోంచి 18 పోగా 144 ఉండాలి. కానీ ఆసుపత్రిలో మాత్ర వేసుకునే ట్రెడ్‌మిల్ ఎక్కితే, ఇక కాళ్ళు కదలవన్నచోట ఆయన పల్స్ 122. పైన తగ్గింది 18 కాదు, 40. తీసివేత పనిచేయదు. అడుగునా పైనా రెండు కొసలూ కొత్తగా కొలుచుకోవాల్సిందే.

ఆ 122 ఆయన ఒక్కరి విషయమేమీ కాదు. గుండె జబ్బు ఉండి బీటా బ్లాకర్ వాడేవాళ్ళ కోసం 2004లో అమెరికా పరిశోధకులు వేరే సూత్రం ఇచ్చారు: 164 − 0.7 × వయసు. 58 ఏళ్ళకు అది 123 చూపిస్తుంది. సూత్రం సూత్రమే, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. డోసుకూ డోసుకూ కూడా ఉంటుంది. ట్రెడ్‌మిల్ మీద సొంతంగా తేలిన అంకె చేతిలో ఉంటే సూత్రం పక్కన పెట్టేయవచ్చు.

ఇప్పుడు రెండు కొసలూ దొరికాయి: 58, 122. మధ్య దూరం 64. దీన్నే గుండె రిజర్వ్ అంటారు, 1957 నుంచి కార్వోనెన్ పేరుతో వాడుకలో ఉన్న పద్ధతి. ఈ దూరంలో 40 నుంచి 60 శాతం దాకా మధ్యస్థ శ్రమ. 64లో 40 శాతం సుమారు 26, దానికి 58 కలిపితే 84. 60 శాతం సుమారు 38, కలిపితే 96. అంటే పల్స్ 84 నుంచి 96 మధ్య ఉన్నప్పుడు మాస్టారు చేస్తున్నది అసలు సిసలు వ్యాయామం. వాచీ మొదటి జోను ఎంతో తెలుసా? 162లో 50 నుంచి 60 శాతం, అంటే 81 నుంచి 97. ఆయన మంచి నడకంతా వాచీకి వార్మప్‌గా ఎందుకు కనిపిస్తోందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

నవ్వుకుని వదిలేసే తప్పయితే నేను కాలమ్ రాసేవాణ్ణి కాదు. వాచీ మాట విని మూడో జోన్‌కు చేరాలని పట్టుపట్టారనుకోండి. ఆ జోను 113 దగ్గర మొదలవుతుంది. 58 నుంచి 113 దాకా 55 మెట్లు, ఉన్నవి మొత్తం 64. అంటే రిజర్వ్‌లో 86 శాతం. వాచీ 'మధ్యస్థం' అని ఆకుపచ్చ రంగులో చూపించేచోట ఆయన గుండె తన శక్తి అంచున పరుగెడుతుంటుంది. స్టెంట్ పడిన మనిషికి ఎవరి పర్యవేక్షణా లేకుండా బీచ్ రోడ్డు మీద ఈ పని తగదు. ఇక నాలుగో జోను 130 దగ్గర మొదలవుతుంది, ఆయన జన్మలో అక్కడికి చేరరు.

ట్రెడ్‌మిల్ పరీక్ష గురించి ఒక మాట. ఈ పరీక్షను రెండు వేర్వేరు పనులకు చేస్తారు. రక్తనాళాల్లో అడ్డంకి ఉందో లేదో కనిపెట్టడం ఒకటి. దానికి గుండె వేగం వయసు ప్రకారం రావాల్సినదాంట్లో 85 శాతానికైనా చేరాలి, మాత్ర ఉంటే చేరదు. అందుకని డాక్టరు చెప్పి ముందు ఒకటి రెండు రోజులు మాత్ర ఆపించవచ్చు. వ్యాయామానికి హద్దులు తేల్చడం రెండోది. రోజూ నడిచేది మాత్ర మీదే కనుక ఈ పరీక్ష కూడా మాత్ర మీదే జరగాలి. మాత్ర ఆపి చేసిన పరీక్షలో వచ్చిన గరిష్ఠ వేగాన్ని తీసుకొచ్చి జోన్లు కడితే మళ్ళీ వాచీ చేసిన పొరపాటే చేసినట్టు. రిపోర్టు మీద అంకె ఉంటుంది కానీ, ఆ రోజు మాత్ర వేసుకున్నారో లేదో చాలాసార్లు రాసి ఉండదు. అడిగి తెలుసుకోవాలి.

పరీక్షే జరగనివాళ్ళు? గుండె పునరావాస కేంద్రాల్లో ఇలాంటివాళ్ళకు విశ్రాంతి పల్స్ మీద 20, మహా అయితే 30 కలిపి అది దాటకుండా మొదలుపెట్టిస్తారు. దానికి తోడు శ్రమ ఎంత అనిపిస్తోందో మనిషినే అడుగుతారు. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ దీనికోసం 6 నుంచి 20 దాకా ఒక కొలమానం ఇచ్చాడు. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 11 తేలిక, 13 కాస్త కష్టం, 20 అంటే ఇక ఒంట్లో ఏమీ మిగలనట్టు. 6 దగ్గర ఎందుకు మొదలైందంటే, అంకెను పదితో గుణిస్తే పడుచువాళ్ళ పల్స్‌కు దగ్గరగా వస్తుందని. మాత్ర వాడేవాళ్ళకు ఆ గుణకారం చెల్లదు, 13 అనిపించినా పల్స్ 130 ఉండదు. కానీ 13 అనే అనుభవం మాత్రం చెల్లుతుంది. ఎందుకంటే ఊపిరీ కండరాల అలసటా అడ్రినలిన్ తలుపు తట్టి రావు. 11, 13 మధ్య నడవాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాస్టారి 84 నుంచి 96కు ఇది చక్కగా సరిపోయింది. ఎనభైల్లో ఉన్నప్పుడు మాకు ఎక్కాల మీద ఉపన్యాసం ఇస్తారు, వంద దాటితే మౌనం.

మాత్ర వేసుకునే వేళ కూడా లెక్కలోకి వస్తుంది. మామూలు మెటోప్రొలాల్ వేసుకున్న ఒకటి రెండు గంటల్లో పట్టు బిగిస్తుంది, తర్వాత సడలుతూ పోతుంది. రోజంతా మెల్లగా విడుదలయ్యే రకంలో ఈ ఎగుడుదిగుడు తక్కువ. మాస్టారిది మెల్లగా విడుదలయ్యేదే. మామూలు రకం వాడుతూ ఒకరోజు మాత్రకు ముందు, ఒకరోజు టిఫిన్ తర్వాత నడిచేవాళ్ళకు ఒకే వేగానికి రెండు పల్స్‌లు వస్తాయి. ఆ తేడా చూసి ఒంటికేమైందో అని బెంగపడనక్కర్లేదు, మాత్రకూ నడకకూ మధ్య గడువు ఒకేలా ఉంచుకుంటే చాలు.

వాచీ చెప్పే మిగతా కబుర్లలోనూ కొన్నిటిని తీసి పక్కన పెట్టాలి. ఆక్సిజన్ సామర్థ్యం అంటూ అది ఇచ్చే అంచనా, నడక వేగాన్ని పల్స్‌తో పోల్చి కట్టేది. మాత్ర వల్ల పల్స్ తక్కువ కనుక ఉన్నదానికంటే ఫిట్‌గా చూపిస్తుంది. పల్స్ నుంచి కట్టే కేలరీలు మాత్రం తక్కువగా వస్తాయి. కొన్ని ఫోన్లలో గుండె వేగాన్ని తగ్గించే మందు వాడుతున్నానని నమోదు చేసుకునే వీలుంది, వెతికి పెట్టుకోండి. గరిష్ఠ వేగాన్ని, విశ్రాంతి వేగాన్ని చేత్తో మార్చుకునే వీలు చాలా వాచీల్లో ఉంటుంది. జోన్లను 'రిజర్వ్' పద్ధతిలో కట్టమని ఎంచుకుని మాస్టారి వాచీలో 58, 122 పెట్టేశాం. ఫిర్యాదులు ఆగిపోయాయి. కర్ణికల లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళకు మాత్రం ఏ జోనూ నమ్మదగ్గది కాదు, వాళ్ళు శ్రమ అనుభవాన్నే నమ్ముకోవాలి.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ, చక్కెర పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. నడకలో షుగర్ పడిపోతే గుండె దడ, చేతుల వణుకు రూపంలో వచ్చే హెచ్చరికను ఈ మాత్ర కప్పేస్తుంది. చెమట పట్టడం మాత్రం మిగులుతుంది. కారణం లేకుండా చెమట పోస్తే వాచీ చూడకండి, జేబులోని గ్లూకోజు తినండి.

జోన్లు పైకి రావడం లేదని మాత్ర ఎగ్గొట్టేవాళ్ళను నేను చూశాను. గుండెకు ఆక్సిజన్ అవసరం తగ్గించాలనే జేమ్స్ బ్లాక్ 1960ల్లో ప్రొప్రనొలాల్‌ను తయారుచేశాడు, 1988లో నోబెల్ అందుకున్నాడు. పల్స్ పైకి రాకపోవడమే ఆ మందు చేయాల్సిన పని. హఠాత్తుగా ఆపితే గుండె ఒక్కసారిగా అడ్రినలిన్‌కు దొరికిపోతుంది, నొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటూ రావచ్చు. విశ్రాంతిలో పల్స్ 50 కిందికి దిగి కళ్ళు తిరుగుతున్నా, నడకలో ఛాతీ పట్టేసినా, డోసు తగ్గించాలో వద్దో తేల్చాల్సింది డాక్టరు. డోసు మారిందంటే మాత్రం పాత జోన్లు కొట్టేయండి, రెండు కొసలూ మళ్ళీ కొలిపించుకోండి. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మీ ట్రెడ్‌మిల్ రిపోర్టు పట్టుకెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి: ఇది మాత్ర మీద చేసిందా, ఆపి చేసిందా?